మెంతులకు నేను వేసిన మార్కులు

ముప్ఫై మూడేళ్ళు హైస్కూలు పిల్లకాయలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. కావలిలో ఉంటున్నాం. షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. రోజుకు రెండుసార్లు మెట్‌ఫార్మిన్, పొద్దున టిఫినుకు ముందు గ్లిమెపిరైడ్ వేసుకుంటాను. మొన్న సంక్రాంతి పోయాక చేయించిన, మూడు నెలల షుగరు సగటు చెప్పే పరీక్షలో 8.1 వచ్చింది. అరిసెల పుణ్యం కొంత, నా నాలుక పుణ్యం కొంత.

ఆ కాగితం చూసి బెంగపెట్టుకున్న రోజుల్లోనే, నాతోపాటు పనిచేసిన తెలుగు పండితుడు గారు సాయంత్రం ఇంటికొచ్చారు. "రాత్రి ఒక చెంచా మెంతులు నానేసి, పొద్దున్నే ఆ నీళ్ళు తాగండి మాస్టారూ. పదేళ్ళుగా నాకదే మందు" అన్నారు. అంతకు ముందురోజు టిఫిన్ తర్వాత మెషీనులో 238 చూసి ఉన్నాను. ఆయన చెప్పినట్టే చేశాను. మర్నాడు అదే వేళకు చూస్తే 176! వెంటనే ఫోను చేసి, "పండితుడు గారూ, మీ మెంతులకు నూటికి నూరు" అన్నాను.

ఆ రాత్రి పడుకున్నాక పాత సంగతి ఒకటి గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. యూనిట్ టెస్టులో అందరికంటే తక్కువ వచ్చిన పదిమందిని సాయంత్రం కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. తర్వాతి పరీక్షలో వాళ్ళలో చాలామందికి మార్కులు పెరిగేవి. అది నా గొప్పేనని చాన్నాళ్ళు అనుకున్నాను. ఒక ఏడాది నాకు టైఫాయిడ్ వచ్చి స్పెషల్ క్లాసులు తీసుకోలేదు. అయినా ఆ అడుగు పదిమందికి మార్కులు పెరిగాయి. ముందు పరీక్షనాడు ఒకడికి జ్వరం, ఒకడికి ఇంట్లో పెళ్ళి. మరీ తక్కువ వచ్చినవాడికి రెండోసారి కొంచెం పెరగడం మామూలే. నేను మెంతినీళ్ళు తాగింది కూడా అట్టాంటి రోజు మర్నాడే. 238 చూసి కంగారుపడి తాగాను. తాగకపోయినా 176 వచ్చేదేమో? అది నాకెట్టా తెలిసేది?

పొద్దున లేచి, వాడని రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసి గళ్ళు గీశాను.

మెంతుల కన్నా ముందు మెషీనుకే పరీక్ష పెట్టాలనిపించింది. ల్యాబులో పరగడుపున నరంలోంచి రక్తం తీయించుకుని, ఆ కుర్చీలోనే వేలు పొడిచి నా మెషీనులో చూశాను. ల్యాబు 142 చెప్పింది, నాది 151. ఈ పోలిక పరగడుపునే చేయాలి. తిన్న తర్వాతైతే వేలి రక్తంలో చక్కెర నరం రక్తంలో కన్నా ఎక్కువుంటుంది కాబట్టి మెషీను తప్పని పొరబడతాం. మెడికల్ షాపు నడిపేది నా పాత శిష్యుడే. "సార్, నూరు దాటితే వందకు పదిహేను అటూ ఇటూ ఉండొచ్చు. ఇంటి మెషీన్లకు పెట్టిన కొలతే అది" అన్నాడు. అంటే మెషీను 200 చూపిస్తే అసలుది 175 కావచ్చు, 235 కావచ్చు. నేను పాఠం చెప్పిన కుర్రాడే నాకు లెక్క నేర్పాడన్నమాట.

ఇక ఒట్టి వారం. ఈ ఏడు రోజులూ ఏ చిట్కా లేదు, మెంతులు లేవు. పొద్దున ఏడున్నరకు మాత్ర, ఎనిమిదికి నాలుగు ఇడ్లీలు, రెండు చెంచాల వేరుశెనగ చట్నీ. మొదటి ముద్ద నోట్లో పెట్టిన క్షణం నుంచి రెండు గంటలు లెక్కపెట్టి, సరిగ్గా పదికి వేలు పొడిచేవాణ్ణి. ఈ రెండు గంటల్లో కుర్చీలో కూర్చుని పేపరు చదవడం తప్ప ఇంకో పని పెట్టుకోలేదు. ఇడ్లీలు ఒకే పాత్రలో, ఒకే గుంటల్లో పోసినవి కావాలని మా ఆవిడకు చెబితే, "ఏందండీ ఇది, ఇడ్లీకి కూడా కొలబద్ద పెడతారా?" అంది. పెట్టాను.

వరసగా 182, 214, 171, 196, 223, 188, 205 వచ్చాయి. సగటు 197. అదే మనిషి, అదే మాత్ర, అవే నాలుగు ఇడ్లీలు. అయినా చిన్నదానికీ పెద్దదానికీ మధ్య 52 తేడా. కొంత మెషీనుది, కొంత రాత్రి నిద్రది, కొంత ముందురోజు తిన్నదానిది. ఈ వారంలో నేనేదైనా ఆకు నమిలి ఉంటే, 223 తర్వాత వచ్చిన 188 చూసి ఆ ఆకుకు దణ్ణం పెట్టేవాణ్ణి. ఒకరోజు తేడా చూసి ఏదీ తేల్చకూడదని నోట్‌బుక్ మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసుకున్నాను.

రెండో వారం పండితుడు గారి పద్ధతి. ఒక చెంచా మెంతులు రాత్రి నానేసి, పొద్దున ఆ నీళ్ళు తాగి గింజలు పారబోయడం. వచ్చినవి 190, 201, 178, 219, 185, 208, 169. సగటు 193. ఒట్టి వారానికీ దీనికీ నాలుగే తేడా. 52 ఊగే చోట నాలుగు ఎంత! నూటికి నూరు వేసిన మార్కులు కొట్టేయాల్సి వచ్చింది. పండితుడు గారికి చెబితే, "మీకు నమ్మకం తక్కువ మాస్టారూ" అన్నారు. నా నమ్మకం సంగతి అటుంచి, ఆయన ఈ పదేళ్ళలో ఏడాదికి ఒకసారి తప్ప షుగరు చూపించుకోలేదట.

కానీ మెంతులను అంతటితో వదలబుద్ధి కాలేదు. 1990 ప్రాంతంలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు షుగరు రోగులకు మెంతులిచ్చి చూసిన సంగతి చదివి ఉన్నాను. అందులో ఒక పరిశోధనలో రోజుకు వంద గ్రాముల దాకా, అదీ కొవ్వు తీసిన మెంతిపొడి, తిండిలో కలిపిపెట్టారు. మా ఇంటి చెంచా మెంతులు తూస్తే నాలుగు గ్రాములు. అందులోనూ నేను గింజలు పారబోసి నీళ్ళే తాగాను. మెంతుల్లో పనిచేసేది ఎక్కువగా ఆ జిగురు, అంటే నీళ్ళలో నానితే బంకలా సాగే పీచు. అది కడుపులో అన్నాన్ని చిక్కబరిచి, చక్కెర రక్తంలోకి మెల్లగా ఎక్కేట్టు చేస్తుంది. ఆ జిగురు చాలామటుకు పారబోసిన గింజల్లోనే పోయింది. అంటే నేను మెంతుల పరీక్షే పెట్టలేదు, మెంతులు కడిగిన నీళ్ళకు పెట్టాను.

మెంతులు ఎండబెట్టి, వేయించకుండా మిక్సీ పట్టించాను. వంటింటి త్రాసులో పది గ్రాములు తూచి, మజ్జిగలో పది నిమిషాలు నాననిచ్చి, ఇడ్లీలతోపాటే తాగాను. ఈసారి ఒక వారం ఇదీ, ఒక వారం అదీ అని పెట్టుకోలేదు. వారానికో తీరు ఉంటుంది. ఒక వారం చుట్టాలొస్తారు, ఒక వారం ఎండలు ముదురుతాయి. అందుకని పొద్దున్నే మా ఆవిడ రూపాయి బిళ్ళ ఎగరేసేది. బొమ్మ పడితే మెంతి మజ్జిగ, అంకె పడితే ఒట్టి మజ్జిగ. ఏదైనా ఒకటి ఎనిమిది రోజులకు నిండితే మిగతావన్నీ రెండోదే. చేదు దాగదు కాబట్టి ఏది తాగుతున్నానో నాకు తెలిసిపోయేది. అది ఈ పరీక్షలో ఉన్న లోపం. దాన్ని సరిచేసే దారి నాకు దొరకలేదు.

మధ్యలో ఒకరోజు నా లెక్కంతా తలకిందులయ్యేదే. అప్పటికి ఉలవపాడు మామిడికాయలు దిగాయి. చుట్టాల పిల్లకాయలొస్తే కూర్చుని బంగినపల్లి కాయలు కోసిపెట్టాను. నేను ఒక్క ముక్క ముట్టలేదు, ప్రమాణపూర్తిగా. పదింటికి చేతులు పంచెకు తుడుచుకుని వేలు పొడిస్తే 291! గుండె జారిపోయింది. మా ఆవిడ నా చేయి పట్టుకుని వాసన చూసి, "ముందు సబ్బుతో కడుక్కు రాండి" అంది. కడుక్కుని, బాగా తుడుచుకుని, ఇంకో వేలు పొడిస్తే 174. వేలి మీదున్న మామిడి రసం రక్తపుచుక్కలో కలిసి వంద పైన పెంచింది. ఆ చుక్క ఆవగింజంత కదా, పిసరంత పండురసం చాలు. స్పిరిట్ దూదితో తుడిస్తే పోతుందిలే అనుకునేరు, పండు చక్కెరకు సబ్బూ నీళ్ళే కావాలి. తడి చేత్తో పొడిస్తే నీళ్ళు కలిసి అంకె తగ్గిపోతుంది. రక్తం రాలేదని వేలు గట్టిగా పిండినా అంతే, రక్తంతోపాటు కండలోని నీరు కూడా దిగుతుంది. నేను వేలి కొసన కాక పక్కన పొడుస్తాను. నొప్పి తక్కువ, చుక్క దానంతటదే వస్తుంది.

పదహారు రోజులు అయ్యేసరికి ఒట్టి మజ్జిగ రోజులు 193, 210, 176, 202, 185, 218, 190, 198. మెంతి మజ్జిగ రోజులు 168, 159, 181, 150, 174, 163, 187, 154. సగటున ఒట్టి మజ్జిగకు 196.5, మెంతికి 167. ముప్ఫై దాకా తేడా. పైగా మెంతి రోజుల్లో అన్నిటికంటే పెద్దది 187, ఒట్టి రోజుల్లో ఎనిమిదింట ఆరు దానికంటే పైనే ఉన్నాయి. సగటుకంటే ఈ చూపే నాకు నచ్చింది. రెండు గుంపులు దాదాపు విడివిడిగా నిలబడ్డాయి.

అయినా ఒక అనుమానం మిగిలింది. జిగురు చక్కెరను మెల్లగా ఎక్కిస్తుందన్నప్పుడు, రెండో గంటకు తగ్గించి మూడో గంటకు పెంచుతుందేమో? పదింటికే చూసే నా మెషీనుకు పదకొండింటి సంగతి తెలియదు కదా! అందుకని మెంతి రోజొకటి, ఒట్టి రోజొకటి తీసుకుని గంట గంటకూ చూశాను. ఒట్టి రోజు గంటకు 228, రెండు గంటలకు 199, మూడుకు 150. మెంతి రోజు 189, 165, 148. కొండ పక్కకు జరగలేదు, ఎత్తే తగ్గింది. ఒక్కో రోజే చూశాను కాబట్టి దీనికి సగం మార్కులే వేశాను. ఒక్కో స్ట్రిప్పు ఇరవై రూపాయల దాకా పడుతుంటే పింఛనుదారుడు గంటకోసారి ఎన్నాళ్ళు పొడుచుకుంటాడు?

పది గ్రాముల మెంతులకు ఖర్చు ఇంకొకటి కూడా ఉంది. మొదటి వారం కడుపుబ్బరం. ఆ తర్వాత చెమటకు, బనీనుకు, చివరికి దిండు గలీబుకు కూడా మెంతి వాసన. "పక్కన ఆవకాయ జాడీ పెట్టుకుని పడుకున్నట్టుందండీ" అని మా ఆవిడ మంచం కిటికీ పక్కకు లాక్కుంది.

కాకరకాయ సంగతి వేరు. దీన్ని పరీక్ష అనడానికి లేదు. నోట్‌బుక్‌లో దీనికో పేజీ ఉంది, దాని నిండా ఒకే అంకె. మెంతుల్లో ఓడిపోయిన పండితుడు గారు, "కాకరకాయ రసం పరగడుపున చిన్న గ్లాసుడు తాగి, గంటదాకా ఏమీ తినకుండా చూడండి. అప్పుడు తెలుస్తుంది దాని తడాఖా" అన్నారు. తెలిసింది. ఏడున్నరకు రోజూలాగే మాత్ర వేసుకుని రసం తాగాను. గంట ఆగాలి కదా అని ఇడ్లీలు ఎనిమిదిన్నరకు పెట్టమన్నాను. ఆరోజే గ్యాసు అయిపోయి, కొత్త సిలిండరు బిగించి, ఆవిరి పట్టేసరికి తొమ్మిది దాటింది. పేపరు చదువుతుంటే అక్షరాలు కదిలాయి. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. ఫ్యాను కిందే కూర్చుని ఉన్నాను. మా ఆవిడ వేలు పొడిచి చూస్తే 58.

మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించింది. పదిహేను నిమిషాలాగి చూస్తే 84. అప్పుడు ఇడ్లీలు తిన్నాను. ఇట్టాంటప్పుడు పాలో, బిస్కెట్లో పెట్టకూడదు, వాటిలో చక్కెర రక్తంలోకి ఎక్కడానికి ఆలస్యమవుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

డాక్టరమ్మ దగ్గరికెళ్ళి చెబితే ఆమె నన్ను కోప్పడలేదు, ఒక ప్రశ్న అడిగింది. "కాకరకాయ తాగకుండా, మాత్ర వేసుకుని తొమ్మిదింబావు దాకా ఏమీ తినకుండా ఉంటే ఎంతుండేదో చూశారా సార్?" లెక్కల మాస్టారికి అంతకంటే సిగ్గు ఇంకేముంది. చూడలేదు. చూడకూడదు కూడా. గ్లిమెపిరైడ్ అనేది తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి తోసేస్తుందట. ఆ మాత్ర వేసుకుని గంటన్నర పైన ఖాళీ కడుపుతో ఉంటే కాకర లేకుండానే పడిపోవచ్చు. కాకర కూడా కొంత దించే రకమే కాబట్టి రెండూ తోడైతే ఇంకా ప్రమాదం. ఆ 58లో మాత్ర వాటా ఎంతో, కాకర వాటా ఎంతో, గ్యాసు సిలిండరు వాటా ఎంతో విడదీయలేను. "మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఇంత భయం లేదు. మీకుంది. ఇంకేం చేసినా మాత్రకూ తిండికీ మధ్య దూరం మాత్రం పెంచొద్దు" అంది. కాకరకాయను మళ్ళీ వేపుడు కూరకు పంపించేశాను.

పొడపత్రి గురించి రెండు మాటలు. పక్కింటి దొడ్లో కంచెకు పాకిన తీగ ఉంటే ఆకులు కోసుకొచ్చి ఆరు రోజులు నమిలాను. టిఫిన్ తర్వాత అంకెల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కానీ ఆకు నమిలిన నోటితో చిటికెడు పంచదార వేసుకుంటే ఇసక నమిలినట్టుంటుంది. నెల్లూరు నుంచి చుట్టాలు తెచ్చిన మలైకాజా అట్టనే కొరికి చూశాను, తడి పిండిముద్ద. మిగతాది పెట్టెలోనే వదిలేశాను. మరి ఇది పనిచేసినట్టా, చేయనట్టా? నా నోట్‌బుక్‌లో దీనికి గడి లేదు.

మెంతులకు ముప్ఫై మార్కులు వచ్చాక పోలికకు ఇంకేదైనా ఉండాలనిపించింది. ఏ చిట్కా లేకుండా, ఇడ్లీలు తిన్న పావుగంటకు లేచి పదిహేను నిమిషాలు నడవడం పెట్టుకున్నాను. రోహిణి కార్తె ఎండలకు బయటికి పోలేక వరండాలోనే ఈ గోడ నుంచి ఆ గోడకు. ఆరు రోజులు: 152, 165, 148, 171, 160, 155. సగటు 158.5. మెంతుల కన్నా ఇంకో తొమ్మిది దాకా తక్కువ. ఈ తొమ్మిదిని మాత్రం లెక్కలోకి తీసుకోను, నా మెషీనుకు అంత చూపు లేదు. రెండూ సమానమని రాసుకున్నాను. కాకపోతే నడకకు వాసన లేదు. ఆ తర్వాత మెంతి మజ్జిగ, నడక రెండూ కలిపి రోజూ చేస్తూ వచ్చాను. డాక్టరమ్మకు ముందే చెప్పి చేశాను. 58 భయం పోలేదు కదా, ఆమె గ్లిమెపిరైడ్‌ను రెండు మిల్లీగ్రాముల నుంచి ఒకటికి దించింది.

ఆషాఢంలో మళ్ళీ మూడు నెలల పరీక్ష చేయించాం. 7.4. ఆ కాగితం, నోట్‌బుక్ రెండూ డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. ఆమె పేజీలు తిప్పి, ఎర్రసిరా చూసి నవ్వి, "బాగుంది సార్. ఇంతకీ ఈ తగ్గడంలో మెంతుల వాటా ఎంత?" అంది.

నోరు తెరిచి మూసుకున్నాను. రెండూ ఒకేసారి మొదలుపెట్టాను. మధ్యలో మాత్ర కూడా మారింది. పండగ అరిసెలూ అయిపోయాయి. పదింటి అంకెల్లో విడదీయగలిగింది, మూడు నెలల అంకెలో విడదీయలేను. టిఫిన్ ఒక్కదాన్నే కొలిచాను, మధ్యాహ్నం అన్నాన్ని, రాత్రి చపాతీలను నా నోట్‌బుక్ ఎప్పుడూ చూడలేదు.

"చెప్పలేనమ్మా. తెలియాలంటే మూడు నెలలు ఏదో ఒకటి ఆపి, మిగతావన్నీ ఇట్టనే ఉంచి చూడాలి" అన్నాను.

"ఏది ఆపుదామనుకుంటున్నారు?"

నేను ఆలోచించేలోపే పక్క కుర్చీలోంచి మా ఆవిడ అంది: "మెంతులు."